రానివాళ్ళ లెక్క

చెన్నైలో రెండు మూడు తరాలుగా ఉంటున్న తెలుగిళ్ళు ఒక పాతిక తీసుకొని, ఇంటిల్లిపాదికీ ఒకే తెలుగు పేపరు ఇచ్చి చదవమన్నామనుకోండి. ఏమవుతుందో మనలో చాలామందికి ముందే తెలుసు. అవ్వ కళ్ళజోడు పెట్టుకొని గడగడా చదివేస్తుంది. అమ్మ కూడబలుక్కుంటూ చదువుతుంది. మనవరాలు తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ, పేపరు చేతికిస్తే "మీరు చదవండి, నేను వింటా" అంటుంది. దీన్నే పట్టికగా వేస్తే ఇలా వస్తుంది: 70 ఏళ్ళవాళ్ళకు తెలుగు చదవడం బాగా వచ్చు, 45 ఏళ్ళవాళ్ళకు కొంత వచ్చు, 19 ఏళ్ళవాళ్ళకు రాదు.

మన సంగతి ఏమీ తెలియని మనిషికి ఈ పట్టిక ఒక్కటే ఇచ్చి అర్థం చెప్పమంటే, "వయసు పెరిగేకొద్దీ వీళ్ళకు తెలుగు చదవడం వస్తుంది" అని చెప్పొచ్చు. మనకు నవ్వొస్తుంది. కానీ పట్టికలో ఆ మాటను కాదనేది ఏమీ లేదు. అవ్వకు ముసలితనంలో తెలుగు రాలేదనీ, చిన్నప్పుడే ఆమె బడిలో తెలుగు ఉండిందనీ మనకు బయటినుంచి తెలుసు కాబట్టి నవ్వుతున్నాం. పిల్లల విషయంలో కారణం ఇంకా స్పష్టం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం, 2006-07లో ఒకటో తరగతిలో చేరినవాళ్ళతో మొదలుపెట్టి ఏడాదికో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. అంటే ఒక పిల్ల బడిలో ఏ భాష చదివిందన్నది ఆమె ఇప్పటి వయసును బట్టి కాదు, ఏ సంవత్సరం బడిలో చేరిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ సెమిస్టర్ మాకు సైకాలజీ అలైడ్ పేపరులో పరిశోధన పద్ధతుల పాఠం ఉంది. అందులో ఈ చిక్కుకు పేరుంది, దాన్నుంచి బయటపడే దారీ ఉంది. ఆ దారిలో ఇంకో చిక్కు ఎదురవుతుంది. నాకు ముఖ్యంగా చెప్పాలని ఉన్నది ఆ రెండో చిక్కు గురించే. ఎందుకంటే అది మన శాఖకు కూడా వర్తిస్తుంది.

ఒకే సమయంలో వేరువేరు వయసులవాళ్ళను కొలిచి పోల్చడాన్ని క్రాస్ సెక్షనల్ అధ్యయనం అంటారు. చెట్టు మానును అడ్డంగా ఒక్కచోట కోసి చూసినట్టు. పైన చెప్పిన పేపరు పరీక్ష అలాంటిదే. ఒక్క ఆదివారంలో అయిపోతుంది, ఖర్చు తక్కువ. ఈ రోజు ఎవరికి ఎంత వచ్చు అని తెలుసుకోవడానికి అది చాలు. కానీ "మనిషి కాలంతో ఎలా మారుతుంది" అని అడిగితే అది జవాబు చెప్పలేదు. అందులో ఏ మనిషినీ రెండుసార్లు చూడలేదు కదా. అవ్వకూ మనవరాలికీ మధ్య తేడా వయసు తేడానా, తరం తేడానా అన్నది విడదీయడానికి వీలుండదు.

అదే మనుషుల్ని కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ, ఇంకొన్నేళ్ళకు మళ్ళీ కొలవడాన్ని లాంగిట్యూడినల్ అధ్యయనం అంటారు. ఇక్కడ ఒక మనిషిని ఇంకొకరితో కాదు, తనతోనే పోలుస్తాం.

ఈ రెండు పద్ధతులూ ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబులు చెప్పిన సంఘటన మానసిక శాస్త్రంలో బాగా పేరుపొందింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో 1956లో వార్నర్ షాయ్ అనే పరిశోధకుడు 500 మంది పెద్దవాళ్ళకు తెలివి పరీక్షలు పెట్టాడు. వాళ్ళంతా ఆ ప్రాంతంలోని ఒక ఆరోగ్య సహకార సంఘం సభ్యులు. ఇరవైల్లో ఉన్నవాళ్ళ నుంచి అరవైలు దాటినవాళ్ళ దాకా అన్ని వయసులవాళ్ళూ ఉన్నారు. మాటల అర్థాలు చెప్పడం, ఒక బొమ్మను తిప్పితే ఎలా ఉంటుందో ఊహించడం, వరసలో తర్వాత వచ్చేది కనిపెట్టడం, కూడికలు చేయడం లాంటివి ఆ పరీక్షలు.

1956 మార్కుల్ని వయసువారీగా పెట్టి చూస్తే, అప్పట్లో అందరూ నమ్ముతున్నట్టే కనిపించింది. నడివయసు నుంచే మార్కులు తగ్గుతూ పోయాయి. తెలివి యవ్వనంలో ఉచ్చస్థితికి చేరి, అక్కణ్ణుంచి దిగజారుతుందన్నమాట. షాయ్ అక్కడితో ఆగలేదు. ఏడేళ్ళ తర్వాత, 1963లో, అదే మనుషుల్ని వెతికి పిలిపించి మళ్ళీ అవే పరీక్షలు పెట్టాడు. ఆ తర్వాత కూడా ఏడేళ్ళకొకసారి కొలుస్తూ వచ్చాడు. ఇలా ఒక్కో మనిషి గీత విడిగా చూస్తే బొమ్మ మారిపోయింది. చాలా సామర్థ్యాల్లో నడివయసుదాకా మార్కులు నిలకడగానే ఉన్నాయి. కొన్నిట్లో కొంచెం పెరిగాయి కూడా. చెప్పుకోదగ్గ తగ్గుదల అరవైలు దాటాకగానీ రాలేదు.

మరి 1956లో కనిపించిన ఆ దిగుడు ఏమిటి? అది చాలావరకు తరాల తేడా. ఆ రోజు 65 ఏళ్ళున్న మనిషి 1890 ప్రాంతంలో పుట్టినవాడు, తక్కువ చదువుకున్న తరం. 25 ఏళ్ళున్న మనిషి 1930 ప్రాంతంలో పుట్టినవాడు, ఎక్కువ ఏళ్ళు బడికి వెళ్ళిన తరం. పెద్దాయనకు మార్కులు తక్కువ రావడానికి ఆయన చాలా పోగొట్టుకోవడం కాదు, మొదటినుంచీ ఆయనకు దొరికిందే తక్కువ కావడం ప్రధాన కారణం. మన పాతికిళ్ళ కథే ఇది, తలకిందులుగా. మన అవ్వకు తెలుగు ఎక్కువ దొరికింది, సియాటిల్ తాతకు చదువు తక్కువ దొరికింది. ఒకే కాలంలో పుట్టి, ఒకే రకం పరిస్థితుల్లో పెరిగిన గుంపును కోహార్ట్ అంటారు. అందుకే ఈ రకం తేడాకు కోహార్ట్ ప్రభావం అని పేరు.

లాంగిట్యూడినల్ అధ్యయనాల్లో మళ్ళీ రెండు రకాల పేర్లు వినిపిస్తాయి. పరీక్షలో తికమక పడేది ఇక్కడే కాబట్టి ఒక్కో ఉదాహరణతో చెప్తాను. బ్రిటన్‌లో 1946 మార్చిలో ఒక్క వారంలో పుట్టిన పిల్లల్లో 5,362 మందిని తీసుకొని, వాళ్ళు ముసలివాళ్ళయ్యేదాకా వెంట నడిచారు. ఇది కోహార్ట్ స్టడీ. అందరిదీ ఒకే వయసు, అందరూ కలిసి పెద్దవుతారు. మన దేశంలో ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే అని ఒకటుంది. 2004-05లో దేశమంతటా 41 వేల పైచిలుకు ఇళ్ళకు వెళ్ళి సంపాదన, చదువు, ఆరోగ్యం గురించి అడిగారు. 2011-12లో మళ్ళీ ఆ ఇళ్ళకే వెళ్ళారు. ఇది ప్యానెల్ స్టడీ. ఇందులో అన్ని వయసులవాళ్ళూ ఉంటారు, అదే ఇళ్ళను అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. పేపర్లలో తరచు చూసే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ రెండిట్లో ఏదీ కాదు. అది కొన్నేళ్ళకొకసారి జరుగుతుంది గానీ, ప్రతిసారీ కొత్త ఇళ్ళను ఎంచుకుంటుంది. అంటే క్రాస్ సెక్షనల్ సర్వేనే మళ్ళీ మళ్ళీ చేయడం. దేశం మారిందా లేదా అన్నది అది చెప్తుంది. ఫలానా ఇల్లు మారిందా అన్నది చెప్పదు.

ఇంతవరకు చదివితే లాంగిట్యూడినల్ పద్ధతే గెలిచిందనిపిస్తుంది. ఇప్పుడు రెండో చిక్కు.

సియాటిల్‌లో 1956లో కూర్చున్నది 500 మంది. 1963లో తిరిగి వచ్చింది దాదాపు 300 మంది. 1970 నాటికి మిగిలింది 160కి కాస్త పైన. కొందరు చనిపోయారు, కొందరు జబ్బుపడ్డారు, కొందరు ఊరు వదిలారు, కొందరు "ఇంక నావల్ల కాదు" అన్నారు. ఇలా నడుమలో జారిపోవడాన్ని అట్రిషన్ అంటారు. మనుషులు తగ్గారన్నది ఒక్కటే అయితే పెద్ద బాధ లేదు, మొదట్లోనే ఎక్కువమందిని తీసుకుంటే సరిపోతుంది. బాధ ఏమంటే, జారిపోయేవాళ్ళు చీట్లు వేసి తీసినట్టు ఎవరంటే వాళ్ళు జారిపోరు. షాయ్ తన దగ్గరున్న 1956 మార్కులు తీసి చూస్తే, తిరిగి వచ్చినవాళ్ళు మొదటిసారే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ళనీ, రానివాళ్ళు మొదటిసారే వెనకబడి ఉన్నవాళ్ళనీ తేలింది. అంటే ప్రతి విడతకూ గుంపు చిన్నదవడమే కాదు, వడగట్టినట్టు మారిపోతోంది. అలాంటి గుంపును చూసి "ముసలితనంలో తెలివి ఏమంత తగ్గదు" అంటే, ఆ మాట మిగిలినవాళ్ళకు నిజమే కావచ్చు. వెళ్ళిపోయినవాళ్ళ సంగతి?

ఇది అంకెల్లో ఎలా పనిచేస్తుందో మన శాఖనే పెట్టుకొని చూద్దాం. కింది అంకెలు అన్నీ అనుకున్నవే, మన రిజిస్టరులోవి కావు.

మొదటి సంవత్సరం పార్ట్ వన్ తెలుగులో 100 మంది చేరారనుకుందాం. అందులో 50 మంది బడిలో తెలుగు చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళకు చదివే పరీక్షలో 60 మార్కులు వచ్చాయి. మిగతా 50 మంది నాలాగా ఇంట్లో ఒకవైపు తెలుగు, ఒకవైపు తమిళం మధ్య పెరిగి, కాలేజీకొచ్చాకే అక్షరాలు దిద్దినవాళ్ళు. వాళ్ళకు 40 మార్కులు. క్లాసు సగటు 50.

ఏడాది గడిచింది. కొందరు పార్ట్ వన్ భాష మార్చుకున్నారు, కొందరు వేరే కాలేజీకి పోయారు, ఒకరిద్దరికి పెళ్ళయింది. 60 మార్కులవాళ్ళలో 40 మంది మిగిలారు. 40 మార్కులవాళ్ళలో, కష్టంగా ఉందని ఎక్కువమంది మానేసి, 20 మందే మిగిలారు. ఇప్పుడు మిగిలిన 60 మందికి అదే పరీక్ష పెట్టాం. ఈ ఏడాదిలో ఎవ్వరికీ ఒక్క మార్కు కూడా పెరగలేదనుకుందాం. 60 వచ్చినవాళ్ళకు 60, 40 వచ్చినవాళ్ళకు 40. సగటు కట్టండి. 40 మందికి 60 చొప్పున 2,400, 20 మందికి 40 చొప్పున 800, మొత్తం 3,200. దాన్ని 60తో భాగిస్తే 53.3.

సగటు 50 నుంచి 53కు పైగా పెరిగింది. ఒక్కరికి కూడా ఒక్క అక్షరం ఎక్కువ రాలేదు. ఎవరు లేరన్నదే ఆ మూడు మార్కుల పెరుగుదల. రెండు సగటులు మాత్రం బోర్డు మీద రాస్తే, "మన శాఖలో పిల్లలు బాగుపడుతున్నారు" అని అందరం చప్పట్లు కొడతాం. ఇవాళ్టి ఫస్టియర్‌నూ ఇవాళ్టి సెకండియర్‌నూ ఒకే రోజు కూర్చోబెట్టి పోల్చినా ఇదే జరుగుతుంది. పైగా వాళ్ళు రెండు వేరే బ్యాచ్‌లు కాబట్టి కోహార్ట్ తేడా కూడా దానికి తోడవుతుంది.

దీన్ని పట్టుకోవడానికి మొదటి పని చాలా సులువు. రెండోసారి వచ్చిన 60 మంది పేర్లే తీసుకొని, మొదటిసారి వాళ్ళ సగటు ఎంతో చూడాలి. అది కూడా 53.3. అంటే మార్పు సున్నా. నిజం బయటపడింది. రెండు విడతల్లోనూ అదే మనుషుల్ని పోల్చాలి, ఆ విడతలో ఉన్నవాళ్ళందరినీ ఈ విడతలో ఉన్నవాళ్ళందరితో పోల్చకూడదు. దీనికి కావలసింది ఒక్కటే, మొదటిరోజు మార్కు పక్కన పేరో నంబరో రాసి ఉండడం. పేర్లు లేకుండా తీసిన పరీక్షకు ఈ పని చేయలేం.

రెండో పని, ఉన్నవాళ్ళకు బరువు ఇవ్వడం. మొదటి గుంపులో 50కి 40 మంది మిగిలారు, కాబట్టి ఒక్కొక్కరు 1.25 మందికి ప్రతినిధి. రెండో గుంపులో 50కి 20 మంది మిగిలారు, ఒక్కొక్కరు 2.5 మందికి ప్రతినిధి. ఆ బరువులతో గుణించి సగటు కడితే ఇటు 50 మంది, అటు 50 మంది అయినట్టు లెక్క వస్తుంది, సగటు మళ్ళీ 50కి చేరుతుంది. పెద్ద సర్వేలు చేసేది సూత్రంలో ఇదే. ఎవరెవరు ఎక్కువగా జారిపోతున్నారో మొదటి విడత వివరాల నుంచి అంచనా వేసి, అలాంటివాళ్ళలో మిగిలినవాళ్ళ మాటకు ఎక్కువ బరువు ఇస్తారు.

కానీ ఈ బరువులకు ఒక హద్దు ఉంది. దీన్ని మా మేడం రెండుసార్లు చెప్పారు. రెండో గుంపులో మిగిలిన 20 మంది ఎందుకు మిగిలారు? ఇంట్లో కూర్చోబెట్టి చదివించే అవ్వ ఉండడం వల్ల అనుకుందాం. ఆ సాయంతో వాళ్ళ మార్కు 40 నుంచి 50కి పెరిగింది. మానేసిన 30 మందికి ఆ సాయం లేదు, వాళ్ళు 40 దగ్గరే ఉన్నారు. మొదటి గుంపు మార్కులు మారలేదు. బరువులు వేసి కడితే సగటు 55 వస్తుంది. మానేసినవాళ్ళను కూడా నిజంగా కొలవగలిగితే అది 52 మాత్రమే. ఆ మూడు మార్కులు ఎక్కువ ఎందుకు వచ్చాయి? మిగిలిన 20 మంది, పోయిన 30 మంది లాంటివాళ్ళే అని బరువు నమ్ముతుంది. మొదటి మార్కు ఒకటే అయినా వాళ్ళు ఒకలాంటివాళ్ళు కారు. ఏ కారణం వల్ల మనిషి వెళ్ళిపోయిందో అదే కారణం మనం కొలుస్తున్న విషయాన్ని కూడా మారుస్తుంటే, కాగితం మీద చేసే ఏ లెక్కా దాన్ని పూర్తిగా సరిచేయలేదు. వెళ్ళి వెతకడం ఒక్కటే మందు.

అలా వెతికిన అధ్యయనం ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. యంగ్ లైవ్స్ అని దాని పేరు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన దేశంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ. 2002లో మొదటి విడత. అప్పటికి ఏడాది వయసున్న పిల్లలు 2,011 మంది, ఎనిమిదేళ్ళవాళ్ళు 1,008 మంది. చిన్నవాళ్ళు 2001-02లో పుట్టినవాళ్ళు, పెద్దవాళ్ళు 1994-95లో పుట్టినవాళ్ళు.

రెండు కోహార్ట్‌లు ఎందుకు పెట్టుకున్నారో గమనించండి. ఒక్క గుంపునే చూస్తే, వాళ్ళలో వచ్చిన మార్పు వయసు వల్లా, లేక ఆ ఏళ్ళలో రాష్ట్రంలో వచ్చిన మార్పుల వల్లా అన్నది తెలియదు. రెండు గుంపులుంటే, పెద్దవాళ్ళు ఎనిమిదేళ్ళప్పుడు 2002లో ఎలా ఉన్నారో, చిన్నవాళ్ళు అదే ఎనిమిదేళ్ళప్పుడు 2009లో ఎలా ఉన్నారో పోల్చొచ్చు. వయసు ఒకటే, కాలం వేరు.

మూడు నాలుగేళ్ళకొకసారి ఆ పిల్లల దగ్గరికే వెళ్ళారు. 2013-14లో నాలుగో విడత జరిగేసరికి చిన్న గుంపులో 1,915 మంది, పెద్ద గుంపులో 952 మంది ఇంకా అధ్యయనంలో ఉన్నారు. నూటికి దాదాపు 95 మంది, అదీ పదకొండు పన్నెండేళ్ళ తర్వాత. సియాటిల్‌లో మొదటి ఏడేళ్ళకే నూటికి 40 మంది జారిపోయారు. ఇక్కడ అంతమంది ఎలా నిలిచారంటే, ఊరు మారిన కుటుంబాన్ని "దొరకలేదు" అని రాసి వదిలేయలేదు. ఎక్కడికి పోయారో ఇరుగుపొరుగునూ చుట్టాలనూ అడిగి తెలుసుకొని, కొత్త చోటికి వెళ్ళారు. ఈ పని విడత వచ్చినప్పుడే మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. నడుమ నడుమ ఆచూకీ చూసుకుంటూ ఉండాలి.

ఆ తిరుగుడు వృథా ఖర్చా? నాలుగో విడతకు పెద్ద గుంపు వయసు 19. మన వయసే. ఆ గుంపులోని అమ్మాయిల్లో మూడోవంతుకు పైగా అప్పటికే పెళ్ళయినవాళ్ళు. పెళ్ళయిన అమ్మాయి ఎక్కడుంటుంది? చాలావరకు అత్తగారింట్లో, వేరే ఊళ్ళో. సర్వేవాళ్ళు పుట్టింటి గడప దాకా మాత్రం వెళ్ళి, ఉన్నవాళ్ళను అడిగి వచ్చేసి ఉంటే, వాళ్ళకు ఎక్కువగా దొరికేది పెళ్ళికాని అమ్మాయిలు, ఇంకా చదువుకుంటున్న అమ్మాయిలు. అప్పుడు లెక్క ఏమయ్యేది? చిన్నవయసు పెళ్ళిళ్ళు తగ్గిపోయాయనీ, ఆడపిల్లల చదువు బాగా పెరిగిందనీ వచ్చేది. ఏ విషయం తెలుసుకోవడానికి బయలుదేరారో, ఆ విషయమే మనుషుల్ని కనబడకుండా చేసేది. అబ్బాయిల్లో ఈ గోల ఇంత ఉండదు, వాళ్ళు పనికోసం ఊరు వదలొచ్చుగానీ పెళ్ళితో ఇల్లు మారరు. అందువల్ల అట్రిషన్ అమ్మాయిల లెక్కనూ అబ్బాయిల లెక్కనూ ఒకేలా చెడగొట్టదు. ఒక నివేదిక చదివేటప్పుడు మొత్తం మీద ఎందరు మిగిలారన్నది చాలదు. అమ్మాయిలెందరు, అబ్బాయిలెందరు, పేదలెందరు, పల్లెవాళ్ళెందరు అని విడివిడిగా చూడాలి. 95 శాతం మిగిలినా, పోయిన ఐదుగురూ ఒకేలాంటివాళ్ళయితే ఆ ఐదుగురి విషయంలో మనకు ఏమీ తెలియనట్టే.

మరి వెతికినా దొరకనివాళ్ళుంటారు. షాయ్ దానికి వేరే ఉపాయం చేశాడు. ప్రతి ఏడేళ్ళకూ పాతవాళ్ళతో పాటు అదే సహకార సంఘం నుంచి కొత్తవాళ్ళను కూడా తీసుకున్నాడు. 1963లో 60 ఏళ్ళున్న పాతమనిషినీ, అదే 60 ఏళ్ళతో అప్పుడే మొదటిసారి పరీక్షకు కూర్చున్న కొత్తమనిషినీ పక్కపక్కన పెడితే, వాళ్ళ మార్కుల తేడాలో రెండు సంగతులు దాగి ఉంటాయి. ఒకటి, పాతవాళ్ళు వడగట్టిన గుంపు కావడం. రెండోది, ఒకసారి రాసిన పరీక్షే మళ్ళీ రాయడం వల్ల వచ్చిన అలవాటు. వడపోత ఎంతో మొదటి విడత మార్కుల నుంచి, అంటే వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ పోల్చి అంచనా వేస్తే, మిగిలినదాన్ని అలవాటు కింద లెక్కగట్టొచ్చు. ఇది కూడా అంచనానే. కానీ ఏమీ తెలియకుండా గుడ్డిగా నమ్మడం కంటే నయం.

మన శాఖలో ప్రతి జూన్‌లోనూ చేరినవాళ్ళకు ఒక చిన్న చదివే పరీక్ష పెట్టాలన్న మాట ఈ ఏడాది రెండు మూడుసార్లు వినబడింది. పెడితే నా మనవి ఇది. పరీక్ష కాగితం మీద రోల్ నంబరు ఉండాలి. బడిలో తెలుగు చదివారా, ఇంట్లో ఎవరికి చదవడం వచ్చు అన్న రెండు ప్రశ్నలు ఆ రోజే అడగాలి, ఎందుకంటే వెళ్ళిపోయాక అడగడానికి మనిషి ఉండదు. పిల్ల ఒప్పుకుంటేనే తన ఫోన్ నంబరుతో పాటు ఇంకో ఇంటినంబరు కూడా తీసుకోవాలి, దాన్ని శాఖ దాటి బయటికి పోనివ్వకూడదు. తర్వాతి సంవత్సరం పార్ట్ వన్ మార్చుకున్న అమ్మాయి ఇదే కాలేజీలో పక్క క్లాసులోనే ఉంటుంది. ఆమెను కూడా పిలిచి పది నిమిషాలు కూర్చోబెట్టి చదివించాలి, మానడానికి కారణం ఆమె మాటల్లోనే రాసుకోవాలి. చివర్న ఫలితాల పట్టికలో మూడు గడులు వేయాలి. మొదట ఎందరు, ఇప్పుడు ఎందరు, రానివాళ్ళకు మొదటిసారి వచ్చిన మార్కు ఎంత. మూడో గడి ఖాళీగా ఉంటే మొదటి రెండిటి మధ్య ఎంత పెరుగుదల కనిపించినా అది మన పాఠం గొప్పో, పోయినవాళ్ళ కష్టమో మనకు తెలియదు.